లాక్-ఇన్ తీరకముందే మడిగె ఖాళీ చేయాల్సి వస్తే: కిరాయిదారు రాసే లేఖ ఎలా ఉండాలి

నల్లగొండలో రామగిరి వైపో, ప్రకాశం బజార్ చుట్టుపక్కలో ఒక మడిగె కిరాయికి తీసుకునేటప్పుడు రాసుకునే కాగితాల్లో ఒక షరతు తరచుగా కనిపిస్తుంది. ఫలానా తేదీ వరకు కిరాయిదారు ఖాళీ చేయకూడదని, చేస్తే ఆ తేదీ వరకు మిగిలిన నెలల కిరాయి మొత్తం కట్టాలని అందులో ఉంటుంది. దీన్నే అందరూ లాక్-ఇన్ పీరియడ్ అంటున్నారు. సంతకం పెట్టే రోజు ఈ వాక్యాన్ని ఎవరూ రెండోసారి చదవరు. వ్యాపారం సాగకపోవడమో, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేయడమో జరిగి ఊరు మారవలసి వచ్చినప్పుడు మాత్రం కాగితం మొత్తంలో ఆ ఒక్క వాక్యమే కళ్ల ముందు నిలుస్తుంది.

అప్పుడు కిరాయిదారులు సాధారణంగా రెండు రకాల లేఖలు రాస్తారు. మొదటి రకంలో కష్టాలు చెప్పుకొని, దయచేసి వదిలిపెట్టమని వేడుకుంటారు. రెండో రకంలో నెల రోజుల నోటీసు ఇస్తున్నామని, అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని హక్కుగా అడుగుతారు. మొదటి లేఖకు చట్టంలో విలువ లేదు. రెండోది లాక్-ఇన్ ఉందన్న సంగతినే పట్టించుకోదు కాబట్టి యజమానికి కోపం తెప్పించడం తప్ప ఏమీ చేయదు. ఈ లేఖ చేయవలసిన పని వేరు. కిరాయిదారు వెళ్లిపోవడం వల్ల యజమానికి నిజంగా ఎంత నష్టమో లెక్కగట్టి చూపాలి, ఆ నష్టాన్ని తగ్గించుకునే దారిని యజమాని చేతిలో పెట్టాలి, అలా పెట్టినట్టు తేదీతో సహా రుజువు మిగల్చాలి. ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందు చట్టం ఏమంటుందో చూడాలి.

మిగిలిన కిరాయి మొత్తం కట్టాలా

లాక్-ఇన్‌లో వెళ్లిపోవడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. దాన్ని కాదనడానికి ప్రయత్నించకూడదు. అయితే ఒప్పందం ఉల్లంఘించినంత మాత్రాన అందులో రాసిన మొత్తమంతా దానంతటదే అవతలివారికి వచ్చేయదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘిస్తే ఇంత కట్టాలని ఒప్పందంలో రాసుకున్నప్పుడు, నష్టపోయినవారికి దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారం. అంటే కాగితంలో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ పరిమితిలోపల ఎంత ఇవ్వాలన్నది నష్టాన్ని బట్టి తేలుతుంది.

ఈ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ వర్సెస్ బాలకిషన్‌దాస్ కేసులో వివరించింది. ఢిల్లీలో ఒక ఆస్తి అమ్మకం మధ్యలో ఆగిపోయింది. అమ్మినవారి దగ్గర అప్పటికే 25,000 రూపాయలు ఉన్నాయి. ఒప్పందం ప్రకారం అవన్నీ తమవేనని వారు వాదించారు. బయానాగా ఇచ్చిన 1,000 రూపాయలు మాత్రమే ఉంచుకోవచ్చని, మిగిలిన 24,000ను జప్తు చేసుకోవడం జరిమానా కిందికే వస్తుందని కోర్టు చెప్పింది. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో ఇదే సూత్రం మరింత స్పష్టమైంది. వేలంలో స్థలం పాడుకున్నవారు కట్టిన 78 లక్షల బయానాను ఢిల్లీ అభివృద్ధి సంస్థ జప్తు చేసుకుంది. తర్వాత అదే స్థలాన్ని అంతకంటే చాలా ఎక్కువ ధరకు అమ్ముకుంది. నష్టమే లేనప్పుడు పరిహారం ఎక్కడిదని కోర్టు ఆ జప్తును తప్పుపట్టింది. నష్టం రుజువు చేయనవసరం లేదని 74వ సెక్షన్‌లో ఉన్న మాటలు, నష్టాన్ని లెక్కకట్టడం కష్టమైన చోటే వర్తిస్తాయని కూడా వివరించింది. మడిగె కిరాయి విషయంలో లెక్క కట్టడం కష్టం కాదు. ఎన్ని నెలలు ఖాళీగా ఉంది, తర్వాత ఎంతకు పోయింది అన్న రెండు అంకెలు చాలు.

రెండో సూత్రం అదే చట్టంలోని 73వ సెక్షన్ వివరణలో ఉంది. నష్టాన్ని అంచనా వేసేటప్పుడు, ఆ ఇబ్బందిని తొలగించుకోవడానికి నష్టపోయినవారికి ఏయే మార్గాలు అందుబాటులో ఉన్నాయో కూడా పరిగణించాలని ఆ వివరణ చెబుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, మంచి కిరాయిదారు గుమ్మంలో నిలబడి ఉండగా మడిగెకు తాళం వేసుకొని కూర్చొని, ఏడు నెలల తర్వాత ఏడు నెలల కిరాయి ఇమ్మని అడిగితే ఆ లెక్క కోర్టులో నిలబడడం కష్టం. బదులు కిరాయిదారును చూపించడం వల్ల కలిగే మేలు ఇదే. కొత్త కిరాయిదారును ఒప్పుకోవాలని యజమానిని ఏ చట్టమూ బలవంతపెట్టదు. కానీ సరైన కారణం లేకుండా కాదంటే, ఆ తర్వాత జరిగిన నష్టాన్ని పాత కిరాయిదారు మీద మోపడం బలహీనమవుతుంది.

ఇక్కడ ఒక హద్దు కూడా చెప్పాలి. యజమాని ఈ కిరాయిదారు కోసమే ప్రత్యేకంగా గోడలు కట్టించి, మెట్లు మార్పించి, ఆ ఖర్చు రెండేళ్ల కిరాయిలో రాబట్టుకోవాలని లాక్-ఇన్ పెట్టుకుని ఉంటే, అతని నష్టం మామూలు ఖాళీ నెలలకంటే ఎక్కువే అవుతుంది. అలాంటి చోట మిగిలిన కిరాయి మొత్తమే సమంజసమని కోర్టు అనుకోవచ్చు. కాబట్టి లేఖ రాసే ముందు, ఈ మడిగె మీద మన కోసం యజమాని ఏం ఖర్చు పెట్టాడో నిజాయితీగా గుర్తుచేసుకోవాలి.

ముందు కాగితాన్ని చదవాలి

లేఖ మొదలుపెట్టే ముందు లీజు కాగితంలో కొన్ని విషయాలు చూసుకోవాలి. లాక్-ఇన్ ఏ తేదీన ముగుస్తుందో తెలియడం మొదటిది. అది కొన్నిసార్లు కాగితం రాసిన తేదీ నుంచి, కొన్నిసార్లు కిరాయి మొదలైన తేదీ నుంచి లెక్కకు వస్తుంది. ఈ రెంటి మధ్య నెల, రెండు నెలల తేడా ఉండవచ్చు. నోటీసు ఎప్పుడివ్వవచ్చన్నది రెండోది, ఇందులోనే చాలామంది పొరబడతారు. లాక్-ఇన్ ముగిసే రోజుకే నోటీసు గడువు కూడా ముగిసేలా ముందుగా ఇవ్వవచ్చా, లేక లాక్-ఇన్ ముగిశాక మాత్రమే నోటీసు ఇవ్వాలా? రెండో రకంగా రాసి ఉంటే, రెండు నెలల నోటీసు షరతు ఉన్నచోట లాక్-ఇన్ నిజానికి రెండు నెలలు ఎక్కువ పొడవుగా ఉన్నట్టే, నష్టం లెక్క కూడా ఆ మేరకు పెరుగుతుంది.

కాగితం రిజిస్టరైందా లేదా అన్నది మరో ముఖ్య విషయం. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. మూడేళ్ల లీజును నోటరీ ముందు సంతకాలతో సరిపెట్టుకున్నవారు మన దగ్గర తక్కువేమీ కాదు. అలాంటి కాగితంలోని గడువును, లాక్-ఇన్‌ను కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. కిరాయి ఇచ్చిపుచ్చుకుంటున్నందువల్ల అది నెలవారీ కిరాయిదారీగా మిగులుతుంది, దాన్ని 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. పదకొండు నెలల కాగితమైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కూడా అనుకోవద్దు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ 17వ సెక్షన్‌ను సవరించి ఏడాదిలోపు లీజులకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు.

రిజిస్టర్ కాని కాగితం ఉన్న కిరాయిదారుకు ఈ సంగతి తెలియగానే, లాక్-ఇన్ చెల్లదు పొమ్మని లేఖ రాయాలనిపిస్తుంది. మొదటి లేఖలో అలా రాయవద్దని నా అభిప్రాయం. ఆ వాదన ఎక్కడికీ పోదు, అవసరమైతే వకీలు తర్వాత లేవనెత్తుతారు. ఇద్దరూ నమ్మి రాసుకున్న మాటను మొదటి వాక్యంలోనే కొట్టిపారేస్తే, ఆరు నెలల అడ్వాన్సు చేతిలో పెట్టుకున్న యజమాని ఇక మాట్లాడడానికి ముందుకు రాడు. మన డబ్బు ఆయన దగ్గర ఉందన్న సంగతి ఎప్పుడూ మరిచిపోకూడదు.

ఒక మడిగె లెక్క

ఉదాహరణకు రామగిరిలో మగ్గం పని, బ్లౌజులు కుట్టే ఒక మహిళ మడిగెను తీసుకుందాం. లీజు 2024 జూన్ 1 నుంచి మూడేళ్లకు రిజిస్టరైంది. కిరాయి నెలకు 14,000 రూపాయలు, అడ్వాన్సు ఆరు నెలల కిరాయి, అంటే 84,000. లాక్-ఇన్ రెండేళ్లు, 2026 మే 31 వరకు. ఆలోపు కిరాయి పెరగదు. లాక్-ఇన్ ముగింపుకు సరిపోయేలా ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వవచ్చు. ఆలోపే ఖాళీ చేస్తే మిగిలిన నెలల కిరాయి మొత్తం కట్టాలి. తల్లికి పక్షవాతం రావడంతో ఆమె 2025 అక్టోబరు నెలాఖరుకు దేవరకొండ వెళ్లిపోవాలని నిశ్చయించుకుంది.

ఆమె యజమానికి నోటితో ఈ మాట చెప్పినప్పుడు ఆయన అన్నది ఇంతే: "అమ్మా, కాగితంల రెండేండ్లని రాసుకున్నం గద. నడిమిట్ల పోతే నా మడిగె ఖాళీగుంటది, నాకెవరిస్తరు?" ఇందులో అన్యాయమేమీ లేదు. ఆయన భయం ఖాళీ నెలల గురించి. ఆ భయానికి లేఖలో జవాబుండాలి.

కాగితం ప్రకారం యజమాని అడగగలిగేది నవంబరు నుంచి మే వరకు ఏడు నెలల కిరాయి, 98,000 రూపాయలు. అంటే 84,000 అడ్వాన్సు పోగా ఆమె మరో 14,000 కట్టాలి. ఇప్పుడు బదులు కిరాయిదారు ఉన్నప్పుడు ఏమవుతుందో చూద్దాం. ఆమెకు తెలిసిన ఒక కళ్లద్దాల వ్యాపారి మడిగె చూసి, నెలకు 13,000కు నవంబరు 16 నుంచి తీసుకుంటానని చెప్పాడు. కార్తీకమాసంలోనే కొత్త దుకాణం తెరవాలన్నది అతని కోరిక. నవంబరు మొదటి పదిహేను రోజులు ఖాళీ కాబట్టి యజమానికి 7,000 నష్టం. నవంబరు 16 నుంచి మే 31 వరకు ఆరున్నర నెలలు, నెలకు వెయ్యి తక్కువ కాబట్టి 6,500 నష్టం. మొత్తం 13,500. కొత్త లీజు రిజిస్ట్రేషన్, కాగితాల ఖర్చులో తన వంతుగా 5,000 వరకు భరిస్తానని ఆమె చెబితే 18,500 అవుతుంది. అడ్వాన్సులో ఇది మినహాయిస్తే ఆమెకు 65,500 తిరిగి రావాలి.

అదనంగా 14,000 కట్టడానికీ 65,500 తిరిగి తీసుకోవడానికీ మధ్య తేడా 79,500 రూపాయలు. ఆ తేడా అంతా ఒక లేఖ ఎలా రాశాం, ఎప్పుడిచ్చాం అన్న దాని మీద ఆధారపడి ఉంది.

ఖాళీ చేసే తేదీని ఎంచుకోవడంలో కూడా ఇక్కడ ఒక నేర్పు ఉంది. ఆషాఢంలో, పుష్యమాసంలో, మూఢంలో కొత్త దుకాణం తెరిచేవారు మన వైపు తక్కువ. ఆ రోజుల్లో మడిగె ఖాళీ అయితే మరో రెండు నెలలు అలాగే ఉండిపోవచ్చు, ఆ నష్టం పాత కిరాయిదారు లెక్కలోకే వస్తుంది. వీలున్నంతవరకు దసరాకో కార్తీకానికో ముందు ఖాళీ అయ్యేలా చూసుకుంటే కొత్తవారు సులభంగా దొరుకుతారు, కిరాయి కూడా తగ్గించనవసరం ఉండకపోవచ్చు.

లేఖ

ఆమె ఆగస్టు 28న ఇచ్చే లేఖ ఇలా ఉండవచ్చు.

"గౌరవనీయులైన మడిగె యజమాని గారికి,

విషయం: రామగిరిలోని మీ మడిగెకు సంబంధించి 2024 జూన్ 1 నుంచి అమలులో ఉన్న రిజిస్టర్డ్ లీజును గడువుకు ముందే ముగించేందుకు నోటీసు, కొత్త కిరాయిదారు ప్రతిపాదన.

అయ్యా, నా తల్లి అనారోగ్యం కారణంగా నేను దేవరకొండకు మారవలసి వచ్చింది. లీజు ప్రకారం లాక్-ఇన్ గడువు 2026 మే 31 వరకు ఉన్నదని నాకు తెలుసు. ఆ గడువుకు ముందే వెళ్లడం వల్ల మీకు కలిగే నిజమైన నష్టాన్ని భరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

2025 అక్టోబరు 31న మడిగెను ఖాళీ చేసి తాళం మీకు అప్పగిస్తాను. ఆ తేదీ వరకు ప్రతి నెలా కిరాయిని, కరెంటు బిల్లును గడువు ప్రకారం చెల్లిస్తాను.

మడిగె ఖాళీగా ఉండకుండా ఇద్దరు కొత్త కిరాయిదారులను మీకు పరిచయం చేస్తున్నాను. మొదటివారు కళ్లద్దాల వ్యాపారి, నెలకు 13,000 రూపాయల కిరాయికి నవంబరు 16 నుంచి తీసుకోవడానికి సంసిద్ధత తెలుపుతూ సంతకం చేసిన లేఖను, వారి గుర్తింపు పత్రం నకలును జతచేస్తున్నాను. రెండోవారు జిరాక్స్, ఆన్‌లైన్ సేవల కేంద్రం నడుపుతున్నారు, వారి లేఖ కూడా జతచేస్తున్నాను. వీరిలో ఎవరినైనా, లేదా మీకు నచ్చిన మరెవరినైనా మీరు నేరుగా కొత్త లీజు మీద తీసుకోవచ్చు. మీరు వారిని మడిగె చూడనివ్వదలచిన ఏ రోజైనా నేను తెరిచి చూపిస్తాను. వారిలో ఎవరైనా మీకు సమ్మతం కాకపోతే, కారణం తెలియజేస్తే మరొకరిని చూపే ప్రయత్నం చేస్తాను.

మీ నష్టం కింద నవంబరు 1 నుంచి 15 వరకు కిరాయి 7,000, ఆ తర్వాత మే 31 వరకు కిరాయిలో తేడా 6,500, కొత్త లీజు ఖర్చు కింద 5,000 వరకు, మొత్తం 18,500 రూపాయలను అడ్వాన్సు నుంచి మినహాయించుకొని, మిగిలిన 65,500 రూపాయలను తాళం అప్పగించిన రోజు నుంచి పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఈ ప్రతిపాదనను ఇద్దరికీ న్యాయంగా విషయం ముగియాలన్న ఉద్దేశంతో, నా చట్టపరమైన హక్కులకు భంగం కలగకుండా చేస్తున్నాను. దయచేసి సెప్టెంబరు 12 లోగా లిఖితపూర్వకంగా మీ అభిప్రాయం తెలియజేయగలరు.

ఇట్లు, మీ కిరాయిదారు."

ఈ లేఖలో లాక్-ఇన్ ఉందని ఆమె ఒప్పుకున్నది, కానీ మిగిలిన కిరాయి మొత్తం బాకీ ఉన్నానని ఎక్కడా ఒప్పుకోలేదు. నిజమైన నష్టాన్ని భరిస్తానన్న మాట 74వ సెక్షన్ పక్కన నిలబడుతుంది. ఇద్దరు కొత్త కిరాయిదారులను చూపడానికి కారణం ఉంది. ఒక్కరినే చూపిస్తే, ఆ ఒక్కరూ నచ్చలేదనడం యజమానికి సులభం. రెండోవారు ఉంటే, ఇద్దరినీ ఎందుకు వద్దన్నారో ఆయన చెప్పవలసి వస్తుంది. యజమాని తన మనిషినైనా పెట్టుకోవచ్చన్న వాక్యం, ఈ ప్రతిపాదన వెనుక స్వార్థం లేదని చూపిస్తుంది. కొత్తవారి కిరాయి ఇంకా ఎక్కువ వస్తే నష్టం ఇంకా తగ్గుతుంది, అప్పుడు పై లెక్కను మార్చుకోవడానికి ఆమెకు ఏ అడ్డూ లేదు.

కారణం గురించి ఒక్క వాక్యం చాలు. వైద్య పత్రాలు, వ్యాపార నష్టాల వివరాలు జతచేయడం వల్ల లాభం లేదు. కిరాయిదారు ఎందుకు వెళ్తున్నాడన్నది నష్టం లెక్కలోకి రాదు.

ఏ బదులు కిరాయిదారు తగినవాడు అన్నది యజమాని కోణం నుంచి కూడా చూడాలి. పై అంతస్తులో యజమాని కుటుంబం ఉంటే, కింద గ్యాస్ సిలిండర్లతో హోటలు పెట్టేవారిని వద్దనడం పూర్తిగా న్యాయమే. షట్టరు పగలగొట్టి వెడల్పు చేయాలనేవారిని, ఇంతకుముందు వేరే చోట కిరాయి ఎగ్గొట్టినవారిని వద్దనడం కూడా అంతే. పాత లీజులో ఏ వ్యాపారానికి అనుమతి ఉందో దానికి దగ్గరగా ఉన్నవారిని, అదే కిరాయికి లేదా కాస్త తక్కువకు సిద్ధంగా ఉన్నవారిని చూపిస్తే తిరస్కరణకు కారణం చెప్పడం కష్టమవుతుంది.

పని చెడేది ఎక్కడ

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు, యజమాని ఒప్పుకోకముందే కొత్త వ్యక్తిని మడిగెలోకి దింపడం. ఎలాగూ వచ్చేవాడే కదా అని తాళం ఇచ్చేస్తే, అది బదులు కిరాయిదారును చూపడం కాదు, పైకిరాయికి ఇవ్వడం. లీజు కాగితాల్లో దాన్ని సాధారణంగా నిషేధిస్తారు. కిరాయి నియంత్రణ చట్టం వర్తించే భవనాల్లో యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా పైకిరాయికివ్వడం ఖాళీ చేయించడానికి కారణమవుతుంది. అంతవరకు నష్టపోయేది యజమాని అన్న స్థితి నుంచి, తప్పు చేసింది కిరాయిదారు అన్న స్థితికి విషయం మారిపోతుంది. కొత్త కిరాయిదారు ఎప్పుడైనా యజమానితో కొత్త లీజు మీదే రావాలి.

దీని పక్కనే గుడ్‌విల్ సంగతి కూడా ఉంది. నడిచే బజారులో మడిగె వదిలేవారు కొత్తవారి దగ్గర గుడ్‌విల్ పేరుతో డబ్బు తీసుకోవడం మనకు కొత్త కాదు. యజమానికి తెలియకుండా ఆ డబ్బు తీసుకుని, తర్వాత ఆయన ఆ కొత్త వ్యక్తిని ఒప్పుకోకపోతే, కిరాయిదారు ఒకేసారి ఇద్దరికి జవాబు చెప్పవలసి వస్తుంది. లాక్-ఇన్‌లో ఖాళీ చేసేటప్పుడు గుడ్‌విల్ ముట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. బల్లలు, ఫ్యాన్లు, బోర్డు లాంటి సామాను అమ్ముకోవచ్చు, కానీ దానికి విడిగా రసీదు రాసుకోవాలి.

మరో తప్పు కిరాయి ఆపేయడం. లేఖ ఇచ్చాక చివరి రెండు నెలల కిరాయి అడ్వాన్సులో పట్టుకోమని చెప్పడం చాలామందికి సహజంగా తోస్తుంది. అడ్వాన్సులో ఇలా పట్టుకోవచ్చని కాగితంలో రాసి ఉంటే తప్ప అలా చేయకూడదు. కిరాయి కట్టనివాడన్న ముద్ర పడితే, న్యాయంగా వెళ్లిపోతున్నానన్న మాట బలం పోతుంది. లేఖ ఇచ్చిన తర్వాత కట్టే కిరాయిని నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా పంపడం మంచిది.

లేఖను అందజేయడంలో కూడా జాగ్రత్త అవసరం. వాట్సాప్‌లో పంపితే నీలం గీతలు పడ్డాయి కదా అని ఊరుకోవద్దు. లీజులో ఇచ్చిన చిరునామాకు స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువుతో పంపి, రసీదు దాచుకోవాలి. దానితో పాటు ఇంకో ప్రతిని చేతికిచ్చి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోవడం ఇంకా మంచిది. సంతకం పెట్టనంటే బలవంతపెట్టవద్దు, పోస్టు రసీదు ఉంది కాబట్టి గొడవ పడనవసరం లేదు. వాట్సాప్‌లో అదే లేఖ ఫొటో పెట్టడం అదనపు రుజువుగా పనికివస్తుంది.

తాళం అప్పగించే రోజు

లేఖతో కథ ముగిసిందనుకోవడం పెద్ద పొరపాటు. తాళం కిరాయిదారు దగ్గర ఉన్నంతకాలం మడిగె అతని స్వాధీనంలోనే ఉన్నట్టు, కిరాయి నడుస్తూనే ఉన్నట్టు. అందుకే అక్టోబరు 31న ఆమె చేయవలసిన పనులు లేఖలోని మాటలంత ముఖ్యమైనవి. ఖాళీ చేసిన మడిగె గోడలు, నేల, షట్టరు ఫొటోలు తీసుకోవాలి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, ఆ రోజు వరకు బిల్లు కట్టేయాలి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఆమె పేరున ఉంటే దాన్ని రద్దు చేయించుకోవాలి, లేకపోతే అదే చిరునామాలో కొత్త వ్యాపారికి లైసెన్సు తీసుకోవడంలో చిక్కు వస్తుంది. తాళం అందినట్టు, తేదీతో, యజమాని సంతకంతో ఒక చిన్న కాగితం తీసుకోవాలి.

యజమాని తాళం తీసుకోననవచ్చు. కోపంతో చాలామంది అలాగే అంటారు. అలాంటప్పుడు ఇద్దరు తెలిసినవారిని వెంటబెట్టుకొని వెళ్లి తాళం ఇవ్వజూపి, నిరాకరిస్తే అదే రోజు మరో లేఖ స్పీడ్ పోస్టులో పంపాలి. అందులో ఈ రోజు ఇంత గంటలకు తాళం ఇవ్వజూపామని, మీరు తీసుకోలేదని, మీరు ఎప్పుడడిగినా ఇస్తామని, మడిగెను మేము ఇకపై వాడుకోవడం లేదని రాయాలి. ఆ తర్వాత అందులో ఒక్క కుట్టుమిషను కూడా ఉంచకూడదు. కొన్ని సంచులు వదిలి వచ్చి, తర్వాత తీసుకువెళ్తానంటే స్వాధీనం వదలలేదన్న వాదనకు తానే దారి చూపినట్టవుతుంది.

లీజు రిజిస్టరైన చోట ఇంకో పని మిగిలి ఉంటుంది. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీలో పాత లీజు కనిపిస్తూనే ఉంటుంది. కొత్త కిరాయిదారుకు లీజు రిజిస్టర్ చేయించేటప్పుడు అది యజమానికి అడ్డు రావచ్చు. ఇద్దరూ అంగీకరించి లీజును వదులుకుంటున్నట్టు విడిగా పత్రం రాసుకుంటే, ఆ పత్రాన్ని కూడా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించవలసి రావచ్చు. కాబట్టి పైన ఇచ్చిన లేఖను నోటీసుగా, ప్రతిపాదనగానే ఉంచాలి, దాన్నే రద్దు పత్రంగా మార్చే ప్రయత్నం చేయకూడదు. యజమాని ఒప్పుకున్నాక, దస్తావేజు లేఖరినో వకీలునో అడిగి ఆ పత్రం వేరుగా రాయించుకోవాలి. ఈ పని కోసం సంతకానికి వస్తానని లేఖ చివర ఒక వాక్యం చేరిస్తే యజమానికి మరో భయం తగ్గుతుంది.

సెప్టెంబరు 12 దాటినా జవాబు రాకపోతే ఆమె మౌనంగా ఉండకూడదు. ఫలానా తేదీ లేఖకు మీ నుంచి జవాబు రాలేదని, కళ్లద్దాల వ్యాపారి ఈ నెలాఖరు వరకు మాత్రమే ఆగగలనన్నాడని రెండో లేఖ రాయాలి. ఆ వ్యాపారి తర్వాత వేరే మడిగె చూసుకున్నా, ఫలానా రోజుల మధ్య ఒక మంచి కిరాయిదారు అందుబాటులో ఉన్నాడన్న సంగతి కాగితం మీద నిలిచిపోతుంది. అతను వేరే చోట చేరిన తేదీని కూడా రాసి పెట్టుకోవాలి.

అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే వెంటనే దావా వేయవలసిన పని లేదు. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే, కేసు వేయకముందే విషయాన్ని లోక్ అదాలత్‌లో పెట్టించవచ్చు, దానికి కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. అయితే ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ ఏదైనా తేలుతుంది. ఆమె అక్కడికి తీసుకెళ్లవలసినవి ఆగస్టు 28 లేఖ, పోస్టు రసీదు, కళ్లద్దాల వ్యాపారి సంతకం చేసిన లేఖ, బ్యాంకు ద్వారా కట్టిన కిరాయిల వివరాలు, తాళం అప్పగించినట్టు కాగితం, 18,500 ఎలా వచ్చిందో చూపే లెక్క. ఎదురుగా కూర్చున్న యజమాని దగ్గర ఏడు నెలల కిరాయి అడగడానికి లీజులోని ఒక వాక్యం ఉంటుంది. ఆ ఏడు నెలలు మడిగె నిజంగా ఖాళీగా ఉందా, ఉంటే ఎందుకుంది అని మధ్యవర్తి మొదట అడిగే ప్రశ్నకు జవాబు ఆమె తెచ్చిన కాగితాల్లోనే ఉంటుంది.